బోర్డులు నాలుగు, మనుషులు ఐదుగురు

కర్నూలు, బి.క్యాంప్

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

అనంతపురం నుంచి నువ్వు పంపిన రెండు ఫోటోలూ చూశాను. ఫోటోలు బాగున్నాయి, క్యాప్షన్లే తొందరపడి రాశావు. ఫోటోలో కనపడే అక్షరాలన్నీ నిజమే చెబుతాయని నమ్మేశావు. నేనూ ఒకప్పుడు అలాగే నమ్మి తిట్లు తిన్నవాణ్ణే.

అప్పట్లో ఆదోనిలో రిటైరైన టీచర్ల సన్మానం జరిగింది. నేను వెళ్లలేదు, ఫోటో మాత్రం డెస్కుకు వచ్చింది. వెనక ఫ్లెక్సీ మీద 'ముఖ్య అతిథి' అని ఒక పెద్దాయన పేరు, ఫోటో. ముందు టేబుల్ మీద ఆయన పేరుతోనే బోర్డు, దాని వెనక కుర్చీలో తెల్లజుట్టు మనిషి. ఇంకేం కావాలి అనుకుని పేరు రాసేశాను. పొద్దున ఆరు గంటలకే ఫోన్. "మా నాయన ఆస్పత్రిలో మంచం మీదుంటే మీ పేపర్లో శాలువా కప్పించుకుంటున్నాడేందయ్యా?" అని వాళ్ల కొడుకు.

ఆ తర్వాత ఫోటోను దగ్గర పెట్టుకుని చూశాను. టేబుల్ మీద బోర్డులు నాలుగు, కూర్చున్నవాళ్లు ఐదుగురు. అంటే ఎవరో ఇరుక్కుని కూర్చున్నారు, బోర్డుకూ కుర్చీకీ లెక్క కుదరలేదు. నేను చదివిన బోర్డు కూడా సరిగ్గా రెండు కుర్చీల మధ్య ఉంది. రాయకముందే లెక్కపెట్టి ఉంటే తెలిసిపోయేది. అందుకే స్టేజీ ఫోటో రాగానే ముందు తలలు లెక్కపెట్టు, తర్వాత బోర్డులు. రెండూ సరిపోకపోతే బోర్డుల్ని పక్కన పెట్టి నిర్వాహకులకు ఫోన్ చెయ్యి. ఇక ఫ్లెక్సీ సంగతి. అది కార్యక్రమానికి రెండు మూడు రోజుల ముందే ప్రింటవుతుంది. ఎవర్ని పిలిచారో అది చెబుతుంది కానీ ఎవరొచ్చారో చెప్పదు. ఊరు, తేదీ, కార్యక్రమం పేరు వరకు దాన్ని నమ్మొచ్చు.

పాత ఫోటోలకైతే ఫ్లెక్సీ మీది జిల్లా పేరు పనికొస్తుంది. నంద్యాల 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది. నంద్యాలలో కట్టిన బ్యానర్ మీద 'కర్నూలు జిల్లా' అని ఉంటే అది అంతకుముందుదై ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నాను, ఎందుకంటే పాత బ్యానర్లను మళ్లీ కట్టేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

ఇప్పుడు నీ హెల్మెట్ ర్యాలీ ఫోటోకొస్తాను. ముందున్న పోలీసాయన్ని 'ఎస్ఐ' అని రాశావు. భుజం మీద చూడు. రెండు నక్షత్రాలు, చివర ఎరుపు నీలం పట్టీ ఉంటే ఎస్ఐ. అదే పట్టీతో మూడు నక్షత్రాలుంటే సీఐ. మూడు నక్షత్రాలుండి పట్టీ లేకపోతే డీఎస్పీ. ఈయనకు మూడు నక్షత్రాలూ పట్టీ ఉన్నాయి కాబట్టి సీఐ. సీఐని ఎస్ఐ చేస్తే ఆయన నీకు మళ్లీ వార్త చెబుతాడా?

జేబు మీది నేమ్‌ప్లేట్‌లో పేరుంది, బాగానే చదివావు. కానీ ఇంగ్లీషు ప్లేట్ చూసి తెలుగులో రాసేటప్పుడు దీర్ఘాలు, ఒత్తులు పోతాయి. రమణా, రామన్నా అన్నది ఆ అక్షరాల్లో తేలదు. అది అడిగి రాయాల్సిందే. స్టేషన్ పేరు కూడా బ్యానర్ మీద చూసి తగిలించావు. ఆయన బందోబస్తుకు ఇంకో స్టేషన్ నుంచి వచ్చి ఉండొచ్చు కదా? యూనిఫాం హోదా చెబుతుంది, ప్లేట్ పేరు చెబుతుంది. ఎక్కడ పనిచేస్తాడో ఆ రెండూ చెప్పవు.

'ఎడమ నుంచి' అని వరస రాసేముందు ఫోటో తిరగబడిందేమో చూడు. ఫ్రంట్ కెమెరాతో తీసినవి కొన్ని ఫోన్లలో అద్దంలో చూసినట్టు ఉల్టా సేవ్ అవుతాయి. బ్యానర్ అక్షరాలు ఉంటే ఇట్టే తెలుస్తుంది. బ్యానర్ కత్తిరించేసి ఉంటే మగవాళ్ల చొక్కా జేబు చూడు, అది మామూలుగా వాళ్ల ఎడమ వైపు, అంటే మనకు కుడి వైపు కనపడాలి. అందరి జేబులూ అటుదిటైతే వరస కూడా ఉల్టానే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. లైంగిక దాడికి గురైన పిల్లల విషయంలో ముఖం బ్లర్ చేసి ఊరుకోవద్దు. పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బడి పేరు, ఇంటి ఆనవాళ్లు కూడా బయటపెట్టకూడదు. బడి యూనిఫాం, బ్యాడ్జీ, మెడలో ఐడీ కార్డు తాడు మీది పేరు కూడా ఊళ్లో వాళ్లకు చాలు. అలాంటి ఫోటో అసలు పంపొద్దు.

నీ రెండో ఫోటోలో కుడి చివర నిల్చున్నాయన 'ఫలానా లీడర్ లాగే ఉన్నాడు' అని రాశావు. మెడలో కార్డు వెనక్కి తిరిగి ఉంది, చొక్కా మీద ఏ గుర్తూ లేదు. పోలిక చూసి పేరు పెట్టొద్దు. ఆ నిర్వాహకుడి నంబరు నీ దగ్గర ఉంది కదా, సాయంత్రం ఎడిషన్ లోపల అడిగి నాకు ఫోన్ చెయ్యి. దొరక్కపోతే ఆయన్ని వదిలేసి మిగతా ముగ్గురి పేర్లే రాయి.

మీ మామ