పూలుగా నిలబెట్టకు, మాట ఇవ్వు

అమ్మా, ఆశీస్సులు.

నీ మూడో తరగతి అసెంబ్లీ కోసం రాసిన బతుకమ్మ స్క్రిప్టు అందింది. పాట బాగుంది. కానీ రెండో పేజీలో 'సిగ్గుపడే పిల్లలు పూలుగా నిలబడతారు' అని చూడగానే కోపం వచ్చింది. 27 మంది పిల్లలున్న క్లాసులో చురుకైన ఒక్క పిల్లకే మాటలన్నీ ఇచ్చావు. అందులోనూ 'మహోన్నత సంస్కృతికి ప్రతీక' లాంటివి. మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి.

పండుగలోనే తొమ్మిది రోజులున్నాయి కదమ్మా. రోజుకు ముగ్గురు చొప్పున అందరూ సరిపోతారు. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, ఒకరు పళ్లెం చూపించాలి.

'మూడో రోజు ఏం బతుకమ్మ?'
'ముద్దపప్పు బతుకమ్మ.'
'ఇగో, పప్పు!'

మాటకు ముందు చేతికి వస్తువు ఇవ్వాలి. నేను ఎప్పుడూ పట్టుబట్టేది దీనికే. ఐదో రోజు పిల్ల మాట మరిచిపోయినా పళ్లెంలో అట్టు కనబడుతుంది, ఆరో రోజు పిల్ల ఆగకుండా అందుకోవచ్చు. ఒకరి మాట పోయిందని వెనకవాళ్లు బిక్కమొహం వేస్తే ఆ తప్పు రాసినవాళ్లది.

ఆరో రోజే నీ స్క్రిప్టులో లేదు. అలిగిన బతుకమ్మ రోజున బతుకమ్మను పేర్చరు, ఆడరు. క్లాసులో అందరికన్నా బెరుకైన పిల్లకు ఆ రోజు ఇవ్వు. ఖాళీ తాంబాళం పట్టుకుని 'ఇయ్యాల అలిగింది' అంటే చాలు. గొంతు సన్నగా వచ్చినా అలకకు అదే అందం. పక్కన దాని స్నేహితురాలినే నిలబెట్టు. మొదటి మాట, చివరి మాట మాత్రం బెరుకువాళ్లకు ఇవ్వకు.

నా తొలి రోజుల్లో ఇలాంటి నాటిక ఒకటి పిల్లల పత్రికకు పంపితే, సంపాదకుడు నన్ను అడక్కుండానే చివర ఆరు లైన్ల నీతి అతికించాడు. దాన్ని ఓ బడిలో ఆడినప్పుడు ఆ నీతి దగ్గరే పిల్లవాడు నోరు తెరవలేక ఏడ్చేశాడు. ఆ సంపాదకుడి మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. నీ చివరి పేరా కూడా అలాంటిదే, కొట్టెయ్. సద్దుల బతుకమ్మ దగ్గర అందరూ కలిసి 'ఉయ్యాలో' అంటూ ఒక చుట్టు తిరిగితే అయిపోతుంది.

రిహార్సల్‌లో ఒకటి చూసుకో. పిల్లలు పళ్లెం కింద పెడుతూ మాట్లాడతారు, మాట నేలకు పోతుంది. ముందు నిలబడి చెప్పాలి, తర్వాత వంగి పెట్టాలి. మైకు చేతులు మారనివ్వకు, స్టాండుకు బిగించి పిల్లల మూతి ఎత్తుకు దించు. ఒక్కో రోజుకు పావు నిమిషం పట్టినా, పాటతో కలిపి నాలుగైదు నిమిషాల్లో ముగుస్తుంది.

దసరా సెలవులకు ముందే ఆడాలి కాబట్టి ఈ ఆదివారంలోగా తిరగరాసి పంపు. ఈసారి 27 మంది పేర్లూ, ఎదురుగా ఎవరి మాట వాళ్లదీ ఉండాలి.