కిట్టూ, ఆ ఫోటోలు మార్చు

ఒరేయ్ కిట్టూ, నీ మ్యాట్రిమోనీ ప్రొఫైల్‌లో పెట్టిన ఫోటోలన్నీ మీ అమ్మ నాకు వాట్సాప్‌లో పంపి, "అన్నయ్యా, వీటిలో ఏది ముందు పెట్టమంటావు" అని అడిగింది. అన్నీ చూశాను. ముందు పెట్టడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. స్టూడియో నడిపినన్నాళ్లూ సంబంధాల కోసం ఎంతమందికో ఫోటోలు తీసినవాణ్ణి కాబట్టి ఎందుకు పనికిరావో వివరంగానే రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదువు.

నీలం బ్యాక్‌గ్రౌండ్‌తో స్టూడియోలో తీయించుకున్నదాన్ని మీ అమ్మ మొదట పెట్టింది. అందులో నీ కనుబొమ్మ పక్కన చిన్నప్పుడు తగిలిన దెబ్బ మచ్చ లేదు, చర్మం మైనంలా ఉంది, రంగు కూడా నీది కాదు. నువ్వు అడగకపోయినా మా లైన్‌లో చాలామంది అలవాటుగా అలా చేసేస్తారు. ఇంకెప్పుడైనా స్టూడియోకి వెళ్తే ఫోటో తీయకముందే "రంగు మార్చొద్దు, మచ్చ తీయొద్దు" అని చెప్పు. వారంలో పోయే మొటిమను చెరిపితే నష్టం లేదు, ఎప్పటికీ ఉండేదాన్ని మాత్రం ఉంచాలి. ఫోన్‌లో కూడా ఇదే గొడవ. చాలా ఫోన్లలో ముందు కెమెరాకి బ్యూటీ మోడ్ ముందే ఆన్ చేసి ఉంటుంది, సెట్టింగ్స్‌లో చూసి సున్నాకి తెచ్చుకో. చేశావో లేదో తెలుసుకోవాలంటే ఫోటోని పెద్దది చేసి బుగ్గ మీద చర్మపు గరుకుదనం, గడ్డం మొదళ్లు కనిపిస్తున్నాయా చూడు.

దీనికింత పట్టుబట్టడానికి కారణం ఉంది. మాకు తెలిసిన ఒక కుటుంబంలో అమ్మాయికి ఇష్టం లేకపోయినా పెద్దవాళ్లు ఫోటోని తెల్లగా చేయించి పంపారు. పెళ్లిచూపుల రోజు అబ్బాయి తరఫు పెద్దావిడ ఫోన్ వంక ఒకసారి, పిల్ల వంక ఒకసారి చూస్తూ కూర్చుంది, ఎవరూ ఏమీ అనలేదు గానీ ఆ పిల్ల తలెత్తలేదు. చామనఛాయగా, చక్కగా ఉండే పిల్ల. ఉన్నదున్నట్టు ఫోటో పంపి ఉంటే ఆ రంగు ఇష్టంలేనివాళ్లు అసలు వచ్చేవాళ్లే కాదు, వచ్చినవాళ్లు ఆ పిల్లతో మనసువిప్పి మాట్లాడేవాళ్లు.

రెండోది నీ పాత ఆఫీసులోది, నాలుగేళ్ల కిందటిది. అప్పుడు నీకు నుదుటి మీద జుట్టు ఒత్తుగా ఉంది, కళ్లజోడు లేదు. ఇప్పుడు జుట్టు పల్చబడింది, జోడు లేకుండా గడప దాటవు. అది నీ ఫోటోనే, అబద్ధమేమీ కాదు, అయినా చూసేవాళ్లకి వేరే మనిషిని చూపిస్తోంది. ఏడాదిలోపు తీసినవే పెట్టు, ఆ ఏడాదిలోనే గడ్డం పెంచినా తీసేసినా బరువు బాగా మారినా మళ్లీ తీయించుకో. టోపీ పెట్టి నుదురు కప్పేయడం కూడా ఇలాంటిదే, అన్ని ఫోటోల్లోనూ టోపీ ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది.

నీ ఫ్రెండ్ బుల్లెట్ పక్కన నల్లద్దాలతో నిలబడ్డది తీసేయ్. కళ్లు కనపడని ఫోటోతో ఎవరు మాట్లాడతారు, పైగా ఆ బండి నీది కాదు. ఎనిమిదిమంది ఉన్న గ్రూప్ ఫోటో కూడా వద్దు, మిగతా ఏడుగురినీ అడగకుండా వాళ్ల మొహాలు నీ పెళ్లి ప్రొఫైల్‌లోకి ఎందుకు?

ఇక సెల్ఫీ. అది చూసి "మావయ్యా, నా ముక్కు ఇంత పెద్దగా ఉందా" అని పోయిన పండక్కి అడిగావు కదా, లేదురా, చెయ్యి చాపి తీసినప్పుడు ఫోన్ మొహానికి మరీ దగ్గరగా ఉంటుంది, ముక్కు ఇంకా దగ్గర, చెవులు దూరం, అందుకే అలా సాగుతుంది. అడుగు దూరంలో తీస్తే, ఐదడుగుల నుంచి తీసినదానికంటే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికాలో డాక్టర్లు లెక్కగట్టారు కూడా. అంటే సెల్ఫీ నిన్ను ఉన్నదానికంటే తక్కువ చేసి చూపిస్తోంది, అదీ తప్పే.

కాబట్టి ఇలా చెయ్యి. నీ రూమ్మేట్‌కి ఫోన్ ఇచ్చి వెనక కెమెరాతో తీయమను. మీ బాల్కనీ తలుపు తెరిచి, గదిలోపల రెండడుగుల దూరంలో, వెలుగు మొహం మీద పడేలా కొంచెం పక్కకి తిరిగి నిలబడు. ట్యూబ్‌లైట్లు ఆపేయ్, పగటి వెలుగుతో కలిస్తే చర్మం రంగు తేడాగా వస్తుంది. అతను ఐదారడుగుల దూరంలో నిలబడి, ఫోన్‌ని నీ కళ్ల ఎత్తులో పట్టుకుని, 2x నొక్కి తీయాలి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, జుట్టు అంచుల్నీ కళ్లజోడు ఫ్రేమ్‌నీ తినేసి బొమ్మ అతికించినట్టు చేస్తుంది. అద్దాల మీద తలుపు మెరుపు పడితే గడ్డం కాస్త దించు, జోడు మాత్రం తీయకు. "స్మైల్" అనకుండా ఏదో ఒకటి మాట్లాడిస్తూ వరసగా ముప్ఫై నలభై తీయమను, మాట ముగించి ఊపిరి తీసుకునే క్షణంలో మొహం మామూలుగా ఉంటుంది, మంచివి అక్కడే దొరుకుతాయి. అలాగే తల నుంచి కాళ్లదాకా ఒకటి, నువ్వు ఆఫీసుకి వేసుకునే బట్టల్లోనే.

మూడోది మాట కలిపేది. నువ్వు నెలకో రెండు ఆదివారాలు సైకిల్ మీద నంది హిల్స్‌కి వెళ్తావు కదా, అది మీ అమ్మ పంపినవాటిలో ఒక్కదానిలోనూ లేదేంట్రా? కొండ కింద టీ బండి దగ్గర, హెల్మెట్ చేతిలో, చెమటతో, పక్కన నీ సైకిల్. కింద "సగం ఎక్కాక దిగి నడిచాను" అని రాయి, నిజంగా నడిచావు కాబట్టి. అది చూసిన అమ్మాయికి అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది, ఎన్ని గంటలకి బయల్దేరతావు, ఎవరితో వెళ్తావు, పైకి ఎక్కగలిగావా లేదా. బుల్లెట్ ఫోటో చూసి "బండి బాగుంది" అనడం తప్ప ఇంకేం అడుగుతారు? ఒకటే జాగ్రత్త, జీవితంలో ఒకే ఒక్కసారి చేసిన పనిని రోజూ చేస్తున్నట్టు పెట్టకు, ఆఫీసు టూర్‌లో ఒకసారి ఎక్కిన గుర్రం ఫోటో అందుకే వద్దంటున్నాను.

ఏది ఉంచాలో నువ్వు తేల్చకు. మనం రోజూ అద్దంలో చూసుకునే మొహం కుడిఎడమలు మారినది, అందుకే అసలు ఫోటో మన కంటికి వంకరగా అనిపిస్తుంది, మిగతావాళ్లకి మాత్రం అదే అలవాటైన మొహం. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు చేసిన ఒక ప్రయోగంలో, మనుషులు తమకోసం తాము ఎంచుకున్న ఫోటోలకంటే ముక్కూమొహం తెలియనివాళ్లు ఎంచినవే చూసేవాళ్లకి ఎక్కువ నచ్చాయి. మీ అమ్మని కూడా అడగకు, తనకి నువ్వు అన్నిట్లోనూ అందగాడివే. ఆఫీసులో నిన్ను రోజూ చూసే ఇద్దరికి చూపించి, "ఏది బాగుంది" అని కాకుండా "ఏది నాలా ఉంది" అని అడుగు. హోటల్లో అటు చివర టేబుల్ దగ్గర కూర్చున్న అమ్మాయి, నువ్వు లోపలికి రాగానే చెయ్యి ఊపి పిలవగలగాలి. అలా గుర్తుపట్టించేదే మొదట పెట్టు.

అప్‌లోడ్ చేసేముందు మెడలో కంపెనీ బ్యాడ్జ్, వెనక బండి నంబరు, అపార్ట్‌మెంట్ బోర్డు కనపడుతున్నాయేమో చూసి కత్తిరించు. తీసినవన్నీ ముందు నాకు పంపు, వాట్సాప్‌లో ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గకుండా వస్తాయి. మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఆ నీలం బ్యాక్‌గ్రౌండ్ ఫోటో మాత్రం ఇవాళే తీసెయ్యి.

మీ మావయ్య