సీజీఎస్టీ క్రెడిట్ ఉండగా ఎస్‌జీఎస్టీకి డబ్బు ఎందుకు కట్టమంటోంది?

*"మాది ఎలక్ట్రికల్ షాపు. లెడ్జర్‌లో సీజీఎస్టీ క్రెడిట్ 40,000 మిగిలే ఉంది, అయినా 3బిలో ఎస్‌జీఎస్టీ కింద 40,000 కట్టమని చూపిస్తోంది. ముంబై సరుకు మీద ఐజీఎస్టీ కూడా బాగానే వచ్చింది. 20వ తేదీ దగ్గర పడింది, ఏం చేయాలి?"*

ఇంకా ఫైల్ చేయకపోతే చలాన్ కట్టకండి. ముందు 3బి రిటర్నులోని 6.1 టేబుల్‌లో ఐజీఎస్టీ క్రెడిట్ ఎటు పోయిందో చూడండి. దాదాపు మొత్తం సీజీఎస్టీ గడిలో పడి ఉంటుంది.

విజయవాడలో షాపుల రిటర్నులు చూసే పని నాది. ప్రతి నెలా ఇలాంటిది ఒకటి తగులుతుంది. సీజీఎస్టీ కేంద్రానిది, ఎస్‌జీఎస్టీ రాష్ట్రానిది, కాబట్టి ఒకదాని క్రెడిట్‌తో, అంటే కొనుగోళ్ల మీద ఇప్పటికే కట్టిన పన్నుతో, రెండోదాని పన్ను కట్టనివ్వరు. వేరే రాష్ట్రం సరుకు మీద పడే ఐజీఎస్టీ క్రెడిట్ మాత్రం రెండు వైపులా పోతుంది. ముందు ఐజీఎస్టీ బాకీ ఉంటే దానికి వాడాలి. మిగిలింది సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలకు ఏ వరసలోనైనా, ఎంతెంతైనా పంచుకోవచ్చు. ఒకే షరతు: ఐజీఎస్టీ క్రెడిట్ పూర్తిగా అయిపోయాకే మిగతా రెండు క్రెడిట్లను ముట్టుకోవాలి.

మీ లెక్క సుమారుగా ఇలా ఉండి ఉంటుంది. లోకల్ అమ్మకాలు 10 లక్షలు, 18 శాతం మీద సీజీఎస్టీ 90,000, ఎస్‌జీఎస్టీ 90,000. క్రెడిట్ ఐజీఎస్టీ 80,000, సీజీఎస్టీ 50,000, ఎస్‌జీఎస్టీ 50,000. బాకీ మొత్తం 1,80,000, క్రెడిట్ మొత్తం కూడా 1,80,000. అంటే రూపాయి కట్టక్కర్లేదు. కానీ ఐజీఎస్టీ 80,000 అంతా సీజీఎస్టీకి పెడితే, అక్కడ మిగిలే బాకీ 10,000 మాత్రమే. మీ సీజీఎస్టీ క్రెడిట్‌లో 40,000 పనిలేక కూర్చుంటుంది. అటు ఎస్‌జీఎస్టీకి సొంత క్రెడిట్ 50,000 పోను 40,000 జేబులోంచి తీయాలి.

నేను ముందు కాగితం మీద తిరగేసి లెక్క వేస్తాను. సీజీఎస్టీ బాకీలోంచి సీజీఎస్టీ క్రెడిట్ తీసేస్తే 40,000 తక్కువ, ఎస్‌జీఎస్టీలోనూ 40,000 తక్కువ. ఆ రెండు లోట్లకే ఐజీఎస్టీని 40,000 చొప్పున పంచి, 6.1లో ఆ అంకెలు టైప్ చేస్తాను. అక్కడ సిస్టమ్ ముందే నింపి చూపించేది సలహా మాత్రమే, మార్చుకోవచ్చు.

సగం సగం అనేది రూలు కాదు, ఈ లెక్కలో అలా కుదిరిందంతే. నా దగ్గరికి ఒక షాపు ఫైలు వచ్చినప్పుడు సీజీఎస్టీలో 40,000 పాత నిల్వ పేరుకుని ఉంది, ఎస్‌జీఎస్టీకి మాత్రం నెలనెలా చలాన్ కడుతున్నారు. ఈ రెండూ పక్కపక్కన కనిపిస్తే సెటాఫ్, అంటే క్రెడిట్‌ను బాకీకి సర్దడం, తప్పుగా నడుస్తోందేమో అని చూడాలి. ఆ నెల బాకీ 90,000 చొప్పున. సీజీఎస్టీ క్రెడిట్ నిల్వతో కలిపి 90,000, ఎస్‌జీఎస్టీ 50,000, ఐజీఎస్టీ 30,000. సీజీఎస్టీకి లోటే లేదు, కాబట్టి 30,000 మొత్తం ఎస్‌జీఎస్టీకే పెట్టాం. కట్టింది 10,000. సగం సగం చేసి ఉంటే 25,000 అయ్యేది, సీజీఎస్టీలో ఇంకో 15,000 ఊరికే మిగిలేది.

నెట్‌లో ఇంకా "ముందు సీజీఎస్టీకి, తర్వాతే ఎస్‌జీఎస్టీకి" అని రాసిన పాత వ్యాసాలు తిరుగుతున్నాయి. 2019 ఫిబ్రవరిలో సెక్షన్ 49ఎ అమల్లోకి వచ్చినప్పుడు ఆ అయోమయం నిజంగానే ఉండేది. మార్చి 29న రూల్ 88ఎ వచ్చి దాన్ని తీర్చేసింది. మీ అకౌంటెంట్ ఇప్పటికీ పాత వరసే పట్టుకుని ఉంటే ఆ రూలు చూపించండి.

సెటాఫ్ ఎంత బాగా చేసినా కొంత కట్టాల్సిందే రావచ్చు. లారీ కిరాయి మీద రివర్స్ చార్జ్ పడితే, అంటే ఆ పన్ను లారీవాళ్ల బదులు మీరే కట్టాల్సి వస్తే, 20,000 కిరాయికి 5 శాతం చొప్పున 1,000 క్యాష్‌గానే కట్టాలి. లెడ్జర్‌లో లక్షలున్నా అది క్రెడిట్‌తో తీరదు. కట్టిన ఆ వెయ్యిని అదే నెల 3బిలో క్రెడిట్‌గా తీసుకోవచ్చు. చాలామంది ఇది మర్చిపోతారు. లేటు ఫీజూ, వడ్డీ కూడా క్యాషే. 20 దాటితే మామూలుగా క్యాష్‌గా కట్టాల్సిన భాగం మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది.

ఇప్పటికే ఎస్‌జీఎస్టీ చలాన్ కట్టేసి, రిటర్ను ఫైల్ చేయకుండా ఉంటే కంగారు పడకండి. ఆ డబ్బు క్యాష్ లెడ్జర్‌లోనే ఉంటుంది, వచ్చే నెల వాడుకోవచ్చు. వేరే హెడ్‌కి కావాలంటే PMT-09 ఫారంతో మార్చుకోవచ్చు. ఫైల్ కూడా అయిపోతే 3బిని రివైజ్ చేయడం కుదరదు. సీజీఎస్టీలో మిగిలిన 40,000 పోదు, కానీ అది కరిగేదాకా ఐజీఎస్టీని ఎస్‌జీఎస్టీ వైపు ఎక్కువ మళ్లించండి.