బంగారు నగ అసలు ధర తెలియాలంటే తరుగు శాతం ఒక్కటే చూస్తే చాలదు

ప్రశ్న: బోర్డు మీద గ్రాము రేటు ఒకటి ఉంటుంది, బిల్లు మాత్రం చాలా ఎక్కువ వస్తుంది. తరుగు, మజూరీ, జీఎస్టీ కలిపి నగ అసలు ధర ఎలా లెక్కేసుకోవాలి?

మా చెల్లెలి పెళ్లికి రాళ్ల నెక్లెస్ కొన్నప్పటి లెక్కే చెబుతాను. సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల రేటు గ్రాముకు 10,000 రూపాయలు అనుకుందాం. నగ మొత్తం బరువు 22 గ్రాములు, అందులో రాళ్లు 2 గ్రాములు, కాబట్టి బంగారం 20 గ్రాములే. దుకాణంవారు బంగారం విలువను 20 గ్రాములకే, అంటే 2,00,000 రూపాయలుగా సరిగ్గానే వేశారు గాని, 14 శాతం తరుగును మాత్రం రాళ్లతో కలిపిన 22 గ్రాముల మీద లెక్కగట్టి 30,800 రూపాయలు రాశారు. రాయికి తరుగు ఎక్కడిదని నేను ఎస్టిమేట్ చీటీ మీదే అడిగితే, కౌంటర్‌లోని అబ్బాయి యజమానితో మాట్లాడి వచ్చి దానిని 28,000కు దిద్దాడు.

గ్రాముకు 300 చొప్పున మజూరీ 6,000, రాళ్ల ధర 4,000 కలిపితే 2,38,000 అయింది. ఈ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 7,140 రూపాయలు కలిపితే 2,45,140 వచ్చింది. హాల్‌మార్క్ రుసుము నగకు 45 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే కనుక దాని గురించి బెంగ అక్కర్లేదు.

దుకాణాలను పోల్చడానికి నేను నమ్మే పద్ధతి ఒక్కటే. పన్నును, రాళ్ల ధరను పక్కన పెట్టి, మిగిలిన మొత్తాన్ని బంగారం నికర బరువుతో భాగించాలి. ఇక్కడ 2,34,000ను 20తో భాగిస్తే గ్రాముకు 11,700 పడింది, అంటే బోర్డు రేటు మీద 17 శాతం ఎక్కువ. అదే వీధిలో మరొక దుకాణంవారు తరుగు 10 శాతమేనని గట్టిగా చెప్పారు గాని, మజూరీ గ్రాముకు 900 అడిగారు; తరుగు 20,000, మజూరీ 18,000 కలిపితే గ్రాముకు 11,900 పడి, 19 శాతం ఎక్కువైంది. తరుగు లేదని ప్రకటించేవారిని మజూరీ ఎంతని, మజూరీ లేదనేవారిని తరుగు ఎంతని తప్పక అడగండి.

ఈ తరుగు మీద నాకు మరో అభ్యంతరం కూడా ఉంది. అరగదీసినప్పుడు రాలిన పొడిని కార్ఖానాలో ఊడ్చి, కరిగించి మళ్లీ బంగారంగా తీస్తారు, యంత్రంతో చేసిన గొలుసులో పోయేది మరీ తక్కువ. అందుకే సాదా గొలుసుకు, గాజుకు పనితనం ఎక్కువున్న హారంతో సమానంగా తరుగు అడిగితే నేను ఒప్పుకోను, బేరమాడితే తగ్గించే భాగం కూడా అదే.

రేపు నగ అమ్మబోతే తరుగు, మజూరీ, పన్ను ఏవీ వెనక్కి రావు, 20 గ్రాముల బంగారానికే ధర కడతారు. కనుక ఎస్టిమేట్‌లో మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బరువు వేర్వేరుగా రాయించుకుని, నగ మీది ఆరు అక్షరాంకెల హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య అయిన హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.