తలంపును సగంలో వదిలేయడం

చి. అమ్మడుకి పెద్దనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం తీరిగ్గా చదివాను. పొద్దున్నే కూర్చుని "నేనెవరు?" అని అడుగుతున్నానని, అడిగేకొద్దీ మనసు తేలికపడకపోగా బరువెక్కుతోందని రాశావు. కూర్చున్నప్పుడు నోట్‌బుక్‌లో రాసుకున్న పేజీ కూడా పంపి మంచి పని చేశావు. ఇబ్బంది ఎక్కడుందో ఆ పేజీ చూస్తేనే తెలిసింది. నువ్వు రాసింది ఇది: "మీటింగ్‌లో అందరి ముందూ నా మాట కొట్టిపారేశారు. ఏడుపొచ్చింది. నేనెందుకిలా ఉంటాను? చిన్నప్పటి నుంచీ ఎవరైనా గొంతు పెంచితే ముడుచుకుపోతాను. అక్కతో పోల్చడం వల్లే కావచ్చు. నేను మెతక మనిషిని. మారాలి."

ఇందులో అబద్ధమేమీ లేదు. నీ గురించి నువ్వు నిజాయితీగా ఆలోచించుకున్నావు. అలాంటి ఆలోచనకు దాని పని దానికి ఉంది. ఆ మీటింగ్ విషయంలో రేపు ఎవరితో ఏం మాట్లాడాలో తేల్చుకోవాలంటే అదే కావాలి. కాని అద్వైతంలో విచారణ అనేది ఇది కాదు. నువ్వు అడిగిన ప్రశ్న "నేనెవరు" అయినా, వెతికింది మాత్రం "నేను ఎలాంటిదాన్ని" అన్నదానికి జవాబు. ఈ రెండో ప్రశ్నకు జవాబులు ఎన్నైనా దొరుకుతాయి. ఒకటి దొరికితే దాని వెనక ఇంకొకటి ఉంటుంది. మెతక మనిషి ఎందుకయ్యావు, ఎవరి వల్ల, ఎప్పటి నుంచి అంటూ అది సాగుతూనే ఉంటుంది. ఆ బరువు అందుకే.

శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం మొదలుపెట్టేటప్పుడు, ఒక్క సూత్రాన్నీ ముట్టుకోకముందే, అధ్యాస గురించి చెప్పారు. ఒకదాని గుణాన్ని ఇంకొకదాని మీద పెట్టి చూడడమే అధ్యాస. ఆయన ఇచ్చిన ఉదాహరణలు చాలా మామూలువి. భార్యాబిడ్డలు బాగుంటే నేనే బాగున్నాననుకోవడం, వాళ్లకు లోటైతే నాకే లోటనుకోవడం. ఒంటి గుణాలు తెచ్చి నేను లావు, నేను సన్నం అనడం. ఇంద్రియాల గుణాలు తెచ్చి నేను చెవిటివాణ్ణి, గుడ్డివాణ్ణి అనడం. మనసులో కలిగే కోరిక, సందేహం లాంటివి తెచ్చి అవీ నేనే అనడం. నీ పేజీ మళ్లీ చూడు. "మెతక" అనేది మనసు తీరు. "ఏడుపొచ్చింది" అనేది మనసులో వచ్చి పోయినది. అక్కతో పోలిక బయటివాళ్లు అన్న మాట. ప్రతి వాక్యంలోనూ "నేను" ఉంది. ప్రతిసారీ నీ చూపు ఆ "నేను" పక్కన అంటించిన దాని మీదికే పోయింది. "నేను"ను మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. అదెవరో ముందే తెలుసన్నట్టు దాటేశావు.

విచారణ సరిగ్గా ఆ "నేను" దగ్గరే ఆగి చూస్తుంది.

ఎలా ఆగాలన్నది చెప్పడానికి నాకు తెలిసినంతలో రమణ మహర్షి మాట కంటే సూటిగా ఇంకేదీ లేదు. 1900ల మొదట్లో శివప్రకాశం పిళ్లై అనే ఆయన అరుణాచలం మీద విరూపాక్ష గుహకు వెళ్లి ప్రశ్నలడిగారు. అప్పటికి మహర్షికి ఇరవై రెండేళ్లు దాటాయంతే. మాట్లాడటం లేదు, జవాబులు రాసి చూపించారు. తర్వాత "నేనెవరు?" అనే చిన్న పుస్తకంగా వచ్చింది అదే. అందులో ఒక మాట చాలామంది చదివి దాటేస్తారు. వేరే తలంపులు లేచినప్పుడు వాటిని పూర్తి చేయడానికి ప్రయత్నించకుండా, ఇవి ఎవరికి కలిగాయి అని విచారించమన్నారు. ఆ "పూర్తి చేయకుండా" అన్నదే ఆయువుపట్టు. మామూలు ఆలోచన తలంపును పట్టుకుని చివరిదాకా వెళ్తుంది. విచారణ దాన్ని సగంలోనే వదిలేసి, అది ఎవరికి వచ్చిందో ఆ వైపు తిరుగుతుంది.

నీ పేజీలోని మొదటి వాక్యంతోనే చేసి చూద్దాం. కూర్చున్నావు. "అందరి ముందూ నా మాట కొట్టిపారేశారు" అన్న తలంపు లేచింది. దాన్ని తోసేయొద్దు, తిట్టుకోవద్దు. అలాగని అన్నది ఎవరు, ఎందుకన్నారు, తిరిగి ఏమనాల్సింది అని దాని వెంట పోవద్దు. అది అక్కడే ఉండగా, "ఇది ఎవరికి తెలుస్తోంది?" అని అడుగు. వచ్చే జవాబు "నాకు". ఇంతవరకూ మాటలే. ఇప్పుడు "ఆ నేను ఎవరు?" అని అడిగి, మాటను వదిలేసి, నీ ధ్యాసను "నాకు" అనిపించిన ఆ అనుభవం మీదే ఉంచు. జవాబు కోసం ఎదురుచూడకు. బాధ తెలుస్తోంది, తెలుసుకునేది ఏదో ఉంది, అది నువ్వే. నువ్వు ఉన్నావన్న సంగతి ఎవరూ చెప్పకుండానే నీకు తెలుసు. ఆ తెలియడంలోనే నిలబడు.

మొదట్లో అది నాలుగైదు క్షణాలకు మించి నిలవదు. వెంటనే ఇంకో తలంపు వస్తుంది, "ఇప్పుడు సరిగ్గా చేస్తున్నానా?" అని. అదీ తలంపే. ఆ సందేహం ఎవరికి? నాకు. మళ్లీ అటే తిరుగు. ఎన్ని లేస్తే అన్నిసార్లు. తలంపులు ఎక్కువగా వచ్చిన రోజు చెడ్డ రోజని అనుకోకు, ఎందుకంటే ప్రతి తలంపూ అడగడానికి ఒక అవకాశమే. నీ మీటింగ్ బాధ కూడా అంతే.

తలంపు సగంలో ఆగితే ఏమవుతుందని నీకు అనుమానం రావచ్చు. మహర్షి చెప్పేది ఇది: తలంపులన్నిటికీ మొదటిది "నేను" అనే తలంపు. అది లేచాకే మిగతావి లేస్తాయి, దానికి తగులుకునే నిలబడతాయి. అది కూడా ఎప్పుడూ ఏదో ఒకదాన్ని పట్టుకునే ఉంటుంది. ఒంటినో, పేరునో, అవమానాన్నో, లేకపోతే "నేను సాధన చేస్తున్నాను" అన్న గొప్పనో. చూపు దానివైపే తిప్పితే పట్టుకోవడానికి దానికి ఏమీ దొరకదు. అప్పుడది పుట్టినచోటికే వెనక్కి తగ్గుతుంది. "నేనెవరు" అనే ప్రశ్న కూడా చివరికి మిగలదని ఆయన అన్నారు. చితిని ఎగదోసే కర్ర చివరికి తానూ అందులోనే కాలిపోతుందన్న పోలిక ఆయనదే. అందుకే దీనికి మాటల్లో జవాబు ఉండదు. మాటల్లో ఏ జవాబు వచ్చినా, "నేను ఆత్మను" అన్నదైనా సరే, అది నీకు తెలుస్తున్న ఇంకో తలంపు. అది ఎవరికి తెలుస్తోందన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

ఇక్కడ జనం జారిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ప్రశ్నను మంత్రంలా తిప్పడం ఒకటి. "నేనెవరు, నేనెవరు" అంటూ పోతే మనసు కొంచెం కుదుటపడుతుందేమో గాని చూపు తిరగదు. ప్రశ్న ఒకసారి చాలు, చూపు జారినప్పుడే మళ్లీ అడగాలి. తలలోనో గుండెలోనో ఒక చోటు వెతకడం ఇంకొకటి. ఆ చోట ఏది అనిపించినా అది తెలుస్తున్న వస్తువే అవుతుంది.

వీటికంటే మోసం చేసేది ఒకటుంది. కొన్నాళ్లకు తలంపులేవీ లేకుండా హాయిగా అరగంట గడుస్తుంది. ఎంతసేపైందో తెలియదు. చాలామంది దీన్నే గొప్ప స్థితి అనుకుంటారు. మహర్షి దీన్ని మనోలయం అన్నారు, అంటే మనసు కాసేపు అణగడం. మనసు మళ్లీ లేవకుండా పోయే మనోనాశం వేరు అన్నారు. ఆయన రాసిన ఉపదేశసారంలో లయమైనది మళ్లీ లేస్తుందని స్పష్టంగా ఉంది. ఆయన ఒక కథ చెప్పేవారు. గంగ ఒడ్డున ఒక యోగి సమాధిలోంచి లేచి శిష్యుణ్ణి మంచినీళ్లు తెమ్మన్నాడు. శిష్యుడు తెచ్చేలోపే మళ్లీ సమాధిలోకి పోయాడు. ఎన్నో తరాలు గడిచి కళ్లు తెరిచేసరికి ఆయన నోట వచ్చిన మొదటి మాట ఆ మంచినీళ్లేవీ అని. దాహం అలాగే ఉంది. నువ్వూ ఇలాగే చూసుకో. లేచాక మీటింగ్ గుర్తొస్తే కోపం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలైతే, మనసు నిద్రపోయిందంతే. విచారణలో ధ్యాస మసకబారదు. ఆ నిశ్శబ్దంలో కూడా "ఇది ఎవరికి తెలుస్తోంది" అని మేలుకునే ఉండాలి. మత్తుగా అనిపిస్తే లేచి కాసేపు నడిచి మళ్లీ కూర్చో.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. "అవమానం మనసుకు, నేను సాక్షిని, నాకేం పట్టదు" అని ఆఫీసులో ఎవరితోనూ అనకు, నీలో నువ్వు కూడా అనుకోకు. అది విచారణ కాదు, కొత్తగా అంటించుకున్న ఇంకో గుణం. నువ్వు ఎవరినైనా నొప్పిస్తే "కోపం ఎవరికి వచ్చింది" అని కళ్లు మూసుకుని కూర్చోవడం తప్పించుకోవడమే, ముందు వెళ్లి క్షమాపణ అడుగు. తేల్చుకోవాల్సిన విషయం ఉంటే కాగితం మీద మంచీచెడూ రాసుకుని తేల్చుకో. కూర్చున్నప్పుడు అంతా అబద్ధంలా అనిపించి భయం వేస్తున్నా, రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా ఇది ఆపేసి డాక్టర్‌ని చూడు. దాన్ని విచారణతో సర్దేయాలని చూడొద్దు.

సంప్రదాయ వేదాంతులు చాలామంది శ్రవణం, మననం అయ్యాకే, అంటే గురువు దగ్గర విని, విన్నదాన్ని బాగా ఆలోచించుకున్నాకే ఇది అంటారు. గురువు దగ్గర ఉపనిషత్ వాక్యాలు వినకుండా ఈ ప్రశ్న పట్టుకుంటే ఎటూ పోలేమని వాళ్ల వాదన. అందులో బలముంది. వినకుండా చేసేవాళ్లు చివరికి శూన్యంలో చిక్కుకోవడం, లేదా నీలాగే సొంత కథలో తిరగడం నేను చూశాను. నీకు వీలైతే మంచి గురువు దగ్గర "దృగ్దృశ్య వివేకం" పాఠం విను. చిన్న గ్రంథం. కంటికి రూపం దృశ్యం, మనసుకు కన్ను దృశ్యం, మనోవృత్తులు సాక్షికి దృశ్యం, సాక్షి మాత్రం ఎవరికీ దృశ్యం కాదు అని మొదటి శ్లోకంలోనే చెప్పేస్తుంది. ఆ ఒక్క శ్లోకం బాగా అర్థమైతే నీ నోట్‌బుక్‌లో రాసుకున్నవన్నీ ఏ వరుసలోకి వస్తాయో నీకే తెలుస్తుంది.

చివర్లో అడిగావు, ఇన్నాళ్లుగా చేస్తున్న జపం మానేయాలా అని. అక్కర్లేదు. 1907లో కావ్యకంఠ గణపతి ముని, మన బొబ్బిలి దగ్గర కలువరాయి ఆయన, ఎంతో మంత్రజపం చేసి కూడా తపస్సంటే ఏమిటో తెలియలేదని మహర్షి దగ్గరికి వెళ్లారు. "నేను" అనేది ఎక్కడి నుంచి లేస్తోందో చూస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అన్నారు మహర్షి. మంత్రం జపించేటప్పుడు ఆ శబ్దం ఎక్కడి నుంచి పుడుతోందో చూసినా మనసు అక్కడే లీనమవుతుంది, అదీ తపస్సే అన్నారు. నీ జపం నీ లెక్క ప్రకారమే చెయ్యి. అయిపోయాక మాల పక్కన పెట్టి, కాసేపు ఇప్పటిదాకా జపించింది ఎవరో చూడు. నోట్‌బుక్ మాత్రం ఆ టైమ్‌లో దగ్గర పెట్టుకోకు, చేతిలో కలం ఉంటే తలంపును పూర్తి చేయాలనిపిస్తుంది. లేచాక ఎక్కడ జారావో రెండు ముక్కలు రాసి పంపు, దాన్ని చూసి మళ్లీ రాస్తాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న