హాస్య పాత్రను తీసేస్తే కథ ఆగుతుందా?

ప్రశ్న: తెలుగు సినిమాల్లో కామెడీ ట్రాక్‌కు అసలు కథతో సంబంధం ఉంటుందా?

ఆ సన్నివేశాలను తీసేసి చూడండి: కథ కుంటుపడితే ఆ హాస్యం కథలోనిదే, ఏమీ మారకపోతే అది విడిగా అతికించిన ట్రాక్. 1957 నాటి ‘మాయాబజార్’లో రేలంగి పోషించిన లక్ష్మణకుమారుడు నవ్వించే పాత్రే అయినా శశిరేఖకు నిశ్చయమైన వరుడు కూడా అతడే కాబట్టి, మాయాశశిరేఖ రూపంలోని ఘటోత్కచుడు పెళ్లిపీటల మీద అతడిని బెదరగొట్టినప్పుడు మనం నవ్వుతుండగానే కథ ముడి విడిపోతుంది. మా చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర ఆడే భారతం నాటకాల్లోనూ హాస్యగాడు రాజుతో మాట కలిపి, కథను జనానికి విప్పి చెబుతాడు. సినిమాలో నాయకుడి స్నేహితుడి పని కూడా ఇదే. నాయకుడు మనసులో దాచుకున్నది అతడితో పంచుకున్నప్పుడే మనకూ తెలుస్తుంది. ద్వితీయార్ధంలో అతడు కారణం లేకుండా మాయమైతే, రచయిత అతడిని నవ్వుకు మాత్రమే పెట్టుకున్నాడని నేను భావిస్తాను.