హేడీస్ గేమ్‌లో చచ్చిన ప్రతిసారీ మొదటికే వస్తున్నా

"అన్నా, ఇరవై సార్లు ఆడినా, దొరికిన వరాలు, ఆ బోన్లన్నీ పోతున్నయ్, ఏం మిగుల్తలేదు."

ఆటలో దొరికే డార్క్‌నెస్‌ను నీ గదిలోని అద్దం, అంటే మిర్రర్‌లో ఖర్చు పెట్టి శక్తులు కొనకుండానే బయటికి పోతున్నవేమో తమ్మీ. దేవుళ్లిచ్చే బోన్లు చస్తే పోతయ్, ఊదా రంగు డార్క్‌నెస్ మాత్రం నీతోనే ఇంటికొస్తది. చాలామంది మర్చిపోయేది ఇక్కడే, హనుమకొండలో మా తమ్ముడు కూడా వారం రోజులు అట్లనే ఆడిండు.

1. చచ్చినంక నీ గదిలో అద్దం దగ్గరికి పో.
2. ముందు డెత్ డిఫయన్స్ కొను. మొదటి మెట్టుకు 30 డార్క్‌నెస్ చాలు. అది ఉంటే ఒకసారి చచ్చినా సగం ప్రాణంతో అక్కడే లేస్తవ్.
3. తలుపు మీది గుర్తు చూసి ఎంచుకో, లోపల ఏం దొరుకుతదో అదే చెప్తది. ఓడిపోతానని తెలిస్తే డార్క్‌నెస్ తలుపే తీసుకో.

బోన్లు ప్రతిసారీ మారుతయ్ కాబట్టి ఆట పాతబడదు, అద్దంలో కొన్నది పోదు కాబట్టి ఓడిన ఆట కూడా లెక్కకొస్తది.